ఆదివారం పంపిణీకి ముందు వాలంటీర్లతో మాట

అక్కలూ, అన్నలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందరికీ నమస్కారం. పది నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టి వినండి.

ఆదివారం హంటర్ రోడ్డు ఫంక్షన్ హాల్ నుంచి పెళ్లి భోజనం తీసుకొచ్చి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు పెడతాం. ములుగు, భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చి రోజుల తరబడి అక్కడే పడుకునేవాళ్లు వాళ్లు. అట్లాంటి మనిషికి మన అన్నం తిని వాంతులు పట్టుకుంటే, లోపల మంచం మీదున్న వాళ్లను ఎవరు చూస్తారు? అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నా.

హాల్‌కు వెళ్లగానే మొదట అడగాల్సింది ‘ఎంత మిగిలింది’ అని కాదు, ‘పొయ్యి మీంచి ఎన్నింటికి దించారు’ అని. పెళ్లివాళ్లను అడిగితే హడావుడిలో ఏదో ఒక టైం చెప్పేస్తారు, వంట మాస్టర్‌నే అడగండి. ఆయన చెప్పిన టైం, వంటకం పేరు, శాకాహారమా మాంసాహారమా, అన్నీ టేపు మీద రాసి గంజుకు అంటించండి. కూరలో పల్లీలు, నువ్వులు పడ్డాయో లేదో కూడా అడిగి రాయండి. పల్లీ పడనివాళ్లు వరుసలో ఉండొచ్చు.

వండిన తిండి 60 డిగ్రీల పైన ఉంటే క్రిములు పెరగవు. అంతకంటే కిందికి, 5 డిగ్రీల వరకూ, వాటికి పండగే. అనుకూలంగా ఉంటే కొన్ని 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. మామూలుగా మంట మీంచి దించాక రెండు గంటలు దాటకూడదంటారు. ఎండ నలభై దాటే ఈ రోజుల్లో మనం ఒక్క గంటే పెట్టుకుందాం. అంటే మన బండి వచ్చేదాకా గంజులు సన్నని మంట మీదే ఉండాలి. ఈ మాట శనివారమే వంట మాస్టర్‌కు ఫోన్ చేసి చెప్పాలి. భోజనాలన్నీ అయిపోయాక కాదు, చివరి బంతి కూర్చోగానే మనకు కబురు పెట్టమనండి. థర్మామీటర్ గంజు నడిమధ్యలోకి దించి చూడండి, పైపైన చూస్తే లాభం లేదు. మాంసం కూరలో పెట్టిన థర్మామీటర్‌ను శుభ్రం చేయకుండా పప్పులో ముంచొద్దు. గంటెలు కూడా వేరువేరుగానే ఉండాలి.

అన్నం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది దాన్నే. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి ఉంటుంది. దాని బీజాలు ఉడికినా చావవు. బగారన్నం గోరువెచ్చగా మూతకింద కూర్చుంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసన రాదు, రుచి మారదు. ‘వాసన చూశాను అక్కా, బాగానే ఉంది’ అంటే నేను ఒప్పుకోను. ‘మళ్లీ పొయ్యి మీద పెడదాం’ అన్నా ఒప్పుకోను. టైం తెలియని అన్నం తీసుకోం, అంతే.

పెరుగన్నం, పెరుగు చట్నీ, పాల పాయసం, కోసిన పండ్లు ఈ ఎండల్లో అసలు వద్దు. బఫే ట్రేల్లో అందరి గంటెలూ తిరిగినది, విస్తళ్లలో మిగిలినది ముట్టుకోకండి. ఇచ్చేవాళ్లు నొచ్చుకుంటే దండం పెట్టి, ‘చాలా సంతోషం, ఇది మాత్రం మాకు కుదరదు’ అనండి. పేదోళ్లకే కదా అని ఎవరైనా అంటే, మన ఇంట్లో పెట్టనిది వాళ్లకూ పెట్టం అని గట్టిగానే చెప్పండి.

ఇక మన చేతులు. సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల కింద కూడా. గ్లౌజ్ వేసుకొని ఫోన్ ఎత్తితే ఆ గ్లౌజ్ తీసేసి, చేతులు కడుక్కొని కొత్తది వేసుకోవాలి. చేతిమీద కురుపు ఉన్నవాళ్లు వడ్డించొద్దు, బండి దగ్గరో లైను దగ్గరో ఉండండి. వాంతులు, విరేచనాలు అయినవాళ్లు తగ్గాక 48 గంటలు రావొద్దు. రాలేకపోతున్నానని మెసేజ్ పెడితే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

వడ్డించేటప్పుడు ఒకటి జరుగుతుంది. ఒక అమ్మ రెండో ప్యాకెట్ అడిగి కొంగులో పెట్టుకుంటుంది, రాత్రికి వచ్చే కొడుకు కోసం. కాదనడం కష్టమే. ‘అమ్మా, ఇది ఇప్పుడే తినాలి, రాత్రికి చెడిపోతది’ అని పక్కన కూర్చొని చెప్పండి. రాత్రికోసం మన దగ్గరున్న బ్రెడ్డు, అరటిపండ్లు ఇవ్వండి. వాటిని శనివారం సాయంత్రమే కొని పెట్టే బాధ్యత స్టోర్ చూసుకునేవాళ్లది. వార్డుల్లో ఉన్న రోగులకు మాత్రం మన తిండి ఇవ్వొద్దు, వాళ్లకు డాక్టర్ చెప్పిందే పెట్టాలి.

గంట దాటాక గంజులో మిగిలింది వెనక్కి తేవొద్దు, మన ఫ్రిజ్‌లో పెట్టొద్దు. పారబోయాలంటే నాకూ ప్రాణం ఉసూరుమంటుంది. అయినా పారబోయండి, ఎంత పోయిందో రాయండి. వచ్చేసారి అంత తక్కువ తీసుకుందాం.

బండి పన్నెండున్నరకు ఇక్కడి నుంచి కదలాలి. థర్మామీటర్, టేపు, మార్కర్, సబ్బు, నీళ్ల క్యాన్ ఎవరెవరు తెస్తారో ఇప్పుడే పేర్లు చెప్పండి.