రెండు ఫొటోలలోనూ ఉన్నది మన లడ్డూయే

లడ్డూ నాలుగేళ్ల షిట్జూ జాతి కుక్క. ఎడమ ఫొటోను మొన్న ఆదివారం ఉదయం 10 గంటలకు, విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా గ్రూమింగ్ సెలూన్‌లో వాడు అడుగుపెట్టగానే తీశాము. కుడి ఫొటోను అదే రోజు మధ్యాహ్నం 1 గంటకు తీశాము.

వానల్లో తడిసిన ప్రతిసారీ పూర్తిగా ఆరకపోవడం వల్ల లడ్డూకు చెవుల వెనుక, చంకల్లో, తోక మొదట్లో జుట్టు ఉండలు కట్టి చర్మాన్ని పట్టి లాగుతోంది. అలాంటి ఉండలపై నీళ్లు పోస్తే అవి ఇంకా బిగుసుకుంటాయి కనుక, స్నానానికి ముందే వాటిని తీసివేయాలి. దువ్వెనతో లాగి విడదీస్తే పొడవు మిగిలేదేమో గాని, ఆ నొప్పి భరించవలసినది లడ్డూ. అందుకే ఇంటివారి అంగీకారంతో ఒళ్లంతా పొట్టిగా కత్తిరించి, చిక్కుపడని ముఖం జుట్టును మాత్రం ఉంచాము. కుడి ఫొటోలో వాడు చిక్కినట్లు కనిపించడానికి కారణం ఇదే, బరువేమీ తగ్గలేదు.

ట్రిమ్మర్ చప్పుడుకు మొదట వణికిపోయాడు. దాన్ని ఆపి, వాసన చూడనిచ్చి, కాసేపు దూరంలో నడిపి, వాడు తోక ఆడించిన తరువాతే ఒంటికి తాకించాము. కుడి ముందరి కాలు ఎందుకు ముట్టుకోనివ్వడం లేదో మెల్లగా చూస్తే, వేళ్ల మధ్య గులకరాయిలా గట్టిపడిన జుట్టు ఉండ ఒకటి బయటపడింది. మా సెలూన్‌లో మత్తు మందు ఇవ్వము, అదిమి పట్టి పని ముగించము. బ్లేడు వేడెక్కిందేమో నడుమ నడుమ మా మణికట్టుకు ఆనించి చూసుకుంటాము. కుక్క మరీ బెదిరితే ఆనాటికి ఆపి, మరో రోజు రమ్మంటాము.

కుక్కల షాంపూతో స్నానం, చల్లగాలితో ఆరబెట్టడం, జుట్టు కత్తిరింపు, గోళ్లు తీయడం, చెవుల శుభ్రత, పాదాల అడుగు జుట్టు తొలగింపు, ఇవన్నీ లడ్డూకు చేసినవే. పిడుదుల స్నానం కూడా ఉంది. పిల్లులకు ప్రస్తుతం స్నానం, గోళ్లు మాత్రమే చేస్తున్నాము. పొమెరేనియన్, హస్కీ వంటి రెండు పొరల జుట్టున్న జాతులకు గుండు చేయమని అడిగితే మర్యాదగా కాదంటాము, ఎందుకంటే ఆ జుట్టు మళ్లీ మునుపటిలా రాకపోవచ్చు.

సోమవారం సెలవు. మిగిలిన రోజులలో ఉదయం 10, మధ్యాహ్నం 12, 3, సాయంత్రం 5 గంటలకు ఒక్కొక్క అపాయింట్‌మెంట్ మాత్రమే ఇస్తాము. ఈ వారం గురువారం 12 గంటలకు, శుక్రవారం 10 గంటలకు, 3 గంటలకు ఖాళీ ఉంది, ఆదివారం నిండిపోయింది. ఈ పేజీకి మెసేజ్ చేసేటప్పుడు మీ పెంపుడు జంతువు జాతి, వయసుతో పాటు ఇప్పటి ఫొటో ఒకటి జతచేయండి. ఉండలు ఎక్కువగా ఉంటే లడ్డూకు ఇచ్చినట్లే వరుసగా రెండు సమయాలు కేటాయిస్తాము. వచ్చేటప్పుడు రేబిస్ టీకా కార్డు తప్పక తీసుకురావాలి.