ఇంటి ముందు ఒరిగిన కరెంటు స్తంభాన్ని మార్చాలని విన్నపం

కొత్తపాలెం,
11 ఆగస్టు 2025.

సహాయక ఇంజనీరు గారికి,
ఆపరేషన్ విభాగం, విద్యుత్ పంపిణీ సంస్థ సెక్షన్ కార్యాలయం,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

విషయం: రామాలయం వీధిలో 3-41 నంబరు ఇంటి ముందు ఒరిగిపోయిన ఎల్.టి. లైను స్తంభాన్ని తొలగించి, పక్కన పంచాయతీ స్థలంలో కొత్త స్తంభం నాటించడం గురించి.

అయ్యా,

మా ఇంటి గేటుకు రెండడుగుల దూరంలో 17 అని రంగుతో నంబరు వేసిన సిమెంటు స్తంభం ఉంది. అది ఇప్పుడు మా ఇంటి వైపే ఒరిగి ఉంది. నేల నుంచి మోకాలి ఎత్తు వరకు సిమెంటు పెచ్చులూడిపోయి, లోపలి ఇనుప తీగలు తుప్పు పట్టి బయటికి కనబడుతున్నాయి. వాటిలో రెండు తెగిపోయాయి కూడా. సముద్రపు గాలి తగిలే ఊరు మాది. ఇక్కడ ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మీకు చెప్పవలసిన పని లేదు. ఒకసారి పగులు పడిందంటే ఉప్పుగాలి, వాననీరు లోపలికి దిగుతూనే ఉంటాయి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చేదాకా స్తంభం నిటారుగానే ఉండేది. ఆ నెల 5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు కురిసిన వానలకు మా వీధి కాలువ పొంగి, స్తంభం మొదట్లో మట్టి కోసుకుపోయింది. అప్పుడే లైన్‌మన్ గారికి నోటిమాటగా చెప్పాను. ఆయన వచ్చి చూసి, మొదట్లో రాళ్లు పేర్చి మట్టి కొట్టించారు. ఆయన చేయగలిగింది ఆయన చేశారు. నిరుడు జూన్‌లో కార్యాలయంలో లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చాను. రసీదు నకలు దీనికి జత చేశాను. ఆ అర్జీకి ఇప్పటివరకు జవాబు రాలేదు.

స్తంభం ఒరిగినకొద్దీ దాని మీది తీగలు కూడా మా మేడ వైపు జరుగుతున్నాయి. తీగ దగ్గరికి వెళ్లకుండా, పిట్టగోడ అంచు నుంచి గుండు వేలాడదీసి, తీగ కిందుగా నేల మీద గుర్తు పెట్టి దూరం కొలిచాను. రెండడుగుల తొమ్మిది అంగుళాలు వచ్చింది. ఎల్.టి. తీగకూ ఇంటికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, అంటే దాదాపు నాలుగడుగులు ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. నా కొలతలో పొరపాటు ఉండవచ్చు, మీ సిబ్బంది వచ్చి కొలవాలని కోరుతున్నాను. చేయి చాస్తే తీగ అందేలా ఉందన్న మాట మాత్రం ఎవరు వచ్చి చూసినా ఒప్పుకుంటారు. ఆరేళ్ల మా మనవరాలు మేడ మీదికి వెళ్లకుండా మెట్ల తలుపుకు తాళం వేశాం. బట్టలు ఆరేసేదీ, వడియాలు పెట్టేదీ ఆ మేడ మీదే. ఏడాదిన్నరగా మాకు మేడ ఉండీ లేనట్టే.

గాలి వీచిన రాత్రుల్లో తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పురవ్వలు రాలుతున్నాయి. కింద ఎదురింటివారి గడ్డివాము ఉంది. గత నెల వానకు స్టే వైరు తడిసి ఉన్నప్పుడు, పక్కింటివారి దూడ దానికి ఒళ్లు రుద్దుకోబోయి ఒక్కసారిగా కింద పడిపోయింది. అదృష్టం కొద్దీ లేచి నిలబడింది. ఆ రోజే 1912కు ఫోను చేశాను. సిబ్బంది వచ్చి లైను ఆపి, స్టే వైరుకు మధ్యలో ఉండవలసిన పింగాణీ గుడ్డు పగిలిందని చూసి కొత్తది వేశారు. ఆ పని వెంటనే చేసినందుకు కృతజ్ఞతలు. అయితే స్తంభం స్థితి ఎప్పటిలాగే ఉంది. బడి ఆటో పిల్లల్ని ఎక్కించుకునేది దాని కిందే. సాయంత్రం మా అత్తగారు కూర్చునే అరుగు కూడా దానికి ఎదురుగానే ఉంది.

ఇప్పుడే తొందర పెట్టడానికి కారణం ఉంది. ఈ నెల 27న వినాయక చవితి. ఊరేగింపు మా వీధిలోంచే సాగుతుంది. విగ్రహం ట్రాక్టరు మీద వస్తుంటే కుర్రవాళ్లు కర్రలతో తీగలు పైకెత్తడం ప్రతి ఏడూ చూస్తున్నాను. ఎంత చెప్పినా ఆ ఉత్సాహంలో వినరు. నిరుడు నేనే ట్రాక్టరు ముందు నిలబడి, లైను ఆపించేదాకా కదలనివ్వలేదు. ఆ పండుగ దాటితే అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. మన జిల్లాకు పెద్ద వానలు, తుపాన్లు వచ్చేది ఆ మూడు నెలల్లోనే. ఈ స్తంభం ఇంకొక తుపానుకు తట్టుకుంటుందని నాకు నమ్మకం లేదు.

ఖర్చు సంగతి కూడా స్పష్టంగా రాస్తున్నాను. స్తంభం మార్చాలంటే అంచనా మొత్తం మేమే కట్టాలని కార్యాలయంలో నోటిమాటగా అన్నారు. లైను వేసిన తర్వాత దాని దగ్గరికి ఇల్లు జరిపి కట్టుకున్నవారికి ఆ మాట వర్తిస్తుంది. మా ఇల్లు కట్టింది 1987లో. ఈ స్తంభం నాటింది 1998లో, వీధికి రోడ్డు వేసినప్పుడు. మేడ మీద కొత్తగా ఒక్క ఇటుక కూడా పేర్చలేదు. ఆనాటి ఇంటి పన్ను రసీదు నకలు జత చేశాను. మా సౌకర్యం కోసం మంచి స్తంభాన్ని తీయమని అడిగితే డబ్బు కట్టమనడం న్యాయమే. పాడైన స్తంభాన్ని మార్చడం మాత్రం సంస్థ నిర్వహణలో భాగమని, విద్యుత్ చట్టం 2003లోని 53వ సెక్షను కింద ప్రజల భద్రత కోసం చేసిన నిబంధనలు సంస్థకు వర్తిస్తాయని నా మనవి. ఎలాగూ కొత్తది నాటవలసిందే కనుక, పాత గుంటలో కాకుండా పద్నాలుగు అడుగులు తూర్పుగా, కాలువ గోడ పక్కనున్న పంచాయతీ స్థలంలో నాటితే ఎవరి గేటుకూ అడ్డం ఉండదు. దాని పక్క ఇంటివారు అభ్యంతరం లేదని రాసి సంతకం చేశారు. స్థలం తమదేనని, నాటుకోవచ్చని పంచాయతీ కార్యదర్శి గారు రాసి ఇచ్చారు. అటూ ఇటూ ఉన్న స్తంభాల మధ్య దూరం సరిపోతుందో లేదో మీరే నిర్ణయించాలి. జరపడం వల్ల అదనంగా పడే తీగ ఖర్చు ఏమైనా మేము భరించాలని నిబంధన ఉంటే, అంచనా కాగితం మీద ఇవ్వండి. కట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

కొత్త స్తంభం రావడానికి కొన్ని రోజులు పడుతుందంటే, చవితి లోపల కనీసం పాత స్తంభానికి వీధి వైపు నుంచి గట్టి ఆధారం వేయించి, తీగలు తగలకుండా మధ్యలో స్పేసర్లు పెట్టించండి. మా మేడ పక్కనున్న భాగానికి తొడుగు ఉన్న కేబులు వేయగలిగితే మరీ మంచిది. ఊరేగింపు రోజు రాత్రి లైను ఎన్ని గంటలకు ఆపుతారో ముందుగా చెబితే, ఉత్సవ కమిటీవారికి నేనే స్వయంగా తెలియజేస్తాను.

పని చేసే రోజున వీధిలో కరెంటు తీసినా ఎవరూ అభ్యంతరం చెప్పరని ఇరుగుపొరుగు పదకొండు ఇళ్లవారు ఈ అర్జీ వెనుక సంతకాలు చేశారు. మీరు స్వయంగా వచ్చి చూడాలని కోరుతున్నాను. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత నేను ఇంట్లోనే ఉంటాను. మధ్యలో చేనికి వెళ్లినా, కబురు చేస్తే పావుగంటలో వస్తాను. మీ నిర్ణయం ఏదైనా పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థన. ఆ లోపల జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవలసి వస్తుంది. అక్కడిదాకా వెళ్లకుండానే మీ చేతుల మీదుగా ఈ పని జరగాలని నా కోరిక.

ఇట్లు,
మీ విధేయుడు,
కె. రమణయ్య, రైతు,
3-41, రామాలయం వీధి, కొత్తపాలెం.

జతపరచినవి: స్తంభం మొదలు, తీగలు, మేడ కనబడే నాలుగు ఫొటోలు; నిరుడు ఇచ్చిన అర్జీ రసీదు; 1987 ఇంటి పన్ను రసీదు; ఈ నెల కరెంటు బిల్లు నకలు; పక్కింటివారి అంగీకార పత్రం; పంచాయతీ కార్యదర్శి గారి లేఖ.