వెనక సీట్లో బెల్టు: నాలుగు నిమిషాల వీడియో స్క్రిప్టు

గొంతు ఒక్కటే, ఇంట్లోవాళ్లతో మాట్లాడుతున్నట్టు ఉండాలి. కథ మొదలయ్యేదాకా మ్యూజిక్ వద్దు.

సమస్య

[తెర: కారు లోపల. వెనక ఇద్దరు కూర్చున్నారు. బెల్టు బకిల్ సీటు సందులో కూరుకుపోయి, కొన మాత్రం కనిపిస్తోంది.]

వాయిస్: కారెక్కగానే ముందు కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకుంటారు. వెనక కూర్చున్నవాళ్లు ఫోను తీస్తారు. "ఇక్కడికేగా!" "వెనకున్నాం కదా, ముందు సీటు అడ్డం ఉంటుందిలే." మనందరం ఎప్పుడో ఒకప్పుడు అన్న మాటలే ఇవి.

ఆ ముందు సీటు నిజంగా కాపాడుతుందా? లెక్క చూద్దాం.

[తెర: స్పీడోమీటర్ ముల్లు 50 దగ్గర. పక్కనే మూడంతస్తుల మేడ.]

వాయిస్: గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. కింద పడేటప్పుడు ఆ వేగం రావాలంటే సుమారు 10 మీటర్ల పైనుంచి పడాలి. అంటే మూడంతస్తుల ఎత్తు. అంత పైనుంచి పడుతూ రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపుకోగలమని ఎవరూ అనుకోరు. కార్లో కూర్చున్నప్పుడు మాత్రం అలాగే అనుకుంటాం.

కారు దేన్నో గుద్దుకుని ఆగింది. ఆగింది కారే, లోపలున్న మనం కాదు. ఏదో ఒకటి అడ్డం వచ్చేదాకా అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాం. వెనక సీట్లో ఉన్నవాళ్లకు అడ్డం వచ్చేది ముందు సీటు. అందులో అమ్మో, నాన్నో, స్నేహితుడో కూర్చుని ఉంటారు.

[తెర: రెండు సెకన్లు మౌనం. ముందు సీటు వీపు, దాని మీదుగా ఒకరి తల వెనక భాగం. రక్తం, పగిలిన అద్దాలు వద్దు. భయపెడితే వీడియో ఆపేస్తారు, మనం చెప్పాల్సింది ఇంకా ఉంది.]

కథ

[తెర: గీతల బొమ్మ. పైకి ఎగురుతున్న విమానం సీటు. మ్యూజిక్ సన్నగా మొదలు.]

వాయిస్: స్వీడన్‌లో నిల్స్ బోలిన్ అనే ఇంజినీరు ఉండేవాడు. విమానానికి ప్రమాదం వస్తే పైలట్‌ని సీటుతో సహా బయటికి విసిరే ఎజెక్షన్ సీట్లు తయారు చేయడం ఆయన పని. 1958లో వోల్వో కంపెనీలో చేరాడు.

అప్పటికీ కార్లలో కొన్నింటికి బెల్టులుండేవి. కానీ నడుముకు అడ్డంగా ఒక్క పట్టీ. గుద్దుకున్నప్పుడు నడుము ఆగేది, పైభాగం ముందుకు ఊగిపోయేది. పట్టీ పొట్టలోకి దిగి లోపలి అవయవాలు దెబ్బతినేవి.

బోలిన్‌కు ఇంకో చిక్కు కూడా తెలుసు. పైలట్లు ప్రాణం కోసం ఎన్ని పట్టీలైనా బిగించుకుంటారు. మామూలు మనుషులు నిమిషం పాటు కూడా ఇబ్బంది ఓర్చుకోరు. అందుకే ఒంటి చేత్తో, ఒక్క కదలికలో పెట్టుకునేది కావాలి.

[తెర: పట్టీ భుజం నుంచి ఛాతీ మీదుగా తుంటి పక్కకు దిగి, అక్కడినుంచి ఒడి మీదుగా అటువైపుకు వెళ్తుంది. ఇది నిదానంగా చూపించండి, వీడియోకి ఇదే ప్రాణం.]

వాయిస్: ఒకటే పట్టీ, మూడు చోట్ల పట్టు. బలం పొట్ట మీద పడదు. ఛాతీ, తుంటి ఎముకల మీద పడుతుంది. 1959లో అది కార్లలోకి వచ్చింది. పేటెంట్ చేతిలో ఉన్నా, మిగతా కార్ల కంపెనీలు కూడా వాడుకునేలా వోల్వో దాన్ని వదిలేసింది. ఈరోజు మన వెనక సీట్లో వేలాడుతున్నది ఆ బెల్టే.

ఫలితం

[తెర: మొదటి కారే. ఒక చెయ్యి సందులోంచి బకిల్ పైకి లాగుతుంది.]

వాయిస్: బెల్టు ఉంటే కారుతో పాటే మనమూ ఆగుతాం. కారు ముందు భాగం నలుగుతూ దెబ్బను మింగుతుంది. ఆ కాస్త సమయం మనకూ దక్కుతుంది.

పెట్టుకునే పద్ధతి ఇది. కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీదికి రావాలి. గర్భిణులైతే పొట్ట కిందుగా. పై పట్టీ భుజం మధ్యలోంచి రావాలి. మెడకు ఒరుసుకోకూడదు, చంక కిందనుంచి అసలు తియ్యకూడదు. మెలిక ఉంటే విప్పి, వదులుంటే ఒక్కసారి లాగండి. చిన్నపిల్లలకు ఈ బెల్టు సరిపోదు, వాళ్ల వయసుకూ ఎత్తుకూ తగ్గ సీటు వేరే ఉండాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఆ వేగంలో మన చేతులు పట్టి ఉంచలేవు.

డ్రైవింగ్ మీదైతే, స్టార్ట్ చేసే ముందు వెనక్కి తిరిగి అడగండి: "అందరూ పెట్టుకున్నారా?"

[తెర: మ్యూజిక్ ఆగుతుంది. క్లిక్. ఇంకో క్లిక్. కారు కదులుతుంది.]