సెమినార్ అవుట్‌లైన్: కన్వల్యూషన్ నెట్‌వర్క్ బొమ్మను ఎలా చూస్తుంది? (15 నిమిషాలు)

మొదలు (2 ని.): బోర్డు మీద వంకరగా 7 రాయాలి. "ఇది ఏడని ఎలా తెలిసింది?" అని అడగాలి. జవాబులు వచ్చేదాకా ఆగాలి, టెన్షన్‌లో నేనే చెప్పేయకూడదు.

సమస్య (2 ని.): 28×28 పిక్సెళ్ల బొమ్మంటే 784 అంకెలు. వాటన్నిటినీ 100 న్యూరాన్లకు కలిపితే 78,400 వెయిట్లు. పైగా 7 కాస్త పక్కకు జరిగితే చాలా అంకెలు మారిపోతాయి.

ఫిల్టర్ (7 ని., అసలు విషయం ఇదే): 3×3 కిటికీ, తొమ్మిదే వెయిట్లు. బొమ్మంతా అదే కిటికీ జరుగుతుంది. బోర్డు మీద లెక్క చేయాలి:

```
బొమ్మ      ఫిల్టర్
0 0 9     -1 0 1
0 0 9     -1 0 1
0 0 9     -1 0 1
```

గుణించి కూడితే 27: నిలువు అంచు దొరికింది. అన్నీ 9లే అయితే 0. ఇంకో లెక్క వెనక బెంచీవాళ్లతో చేయించాలి. ఈ వెయిట్లు మనం రాసేవి కావని, ట్రైనింగ్‌లో నెట్‌వర్కే నేర్చుకుంటుందని తప్పక చెప్పాలి.

పూలింగ్ (1 ని.): 2×2 గడిలో పెద్ద అంకె మాత్రమే మిగులుతుంది. 28×28 బొమ్మ మీద 3×3 ఫిల్టర్ జరిగాక వచ్చే 26×26 కాస్తా 13×13.

చరిత్ర (1 ని.): 1998లో యాన్ లెకున్ బృందం లెనెట్-5, 2012లో అలెక్స్‌నెట్. అంతే, తేదీల చిట్టా వద్దు.

ప్రశ్నలు (2 ని.): వెయిట్లను నేర్చుకునే పద్ధతి బ్యాక్‌ప్రాపగేషన్ గురించి అడిగితే బోర్డు దగ్గరికి వెళ్లకూడదు, గంట పడుతుంది. క్లాసయ్యాక క్యాంటీన్‌లో చెబుతాననాలి.