టీకాల ప్రసంగం మీద మా పీహెచ్‌సీ నుంచి కొన్ని ప్రశ్నలు

డాక్టరు గారికి నమస్కారం.

జిల్లా శిక్షణలో టీకాలు ఒంట్లో మిగిల్చే మెమరీ మీద మీ ప్రసంగం అయ్యాక ప్రశ్నలకు పది నిమిషాలే మిగిలాయి, ఆ కాస్త సేపూ కోవిడ్‌కే సరిపోయింది. మిగతావి రాసి పంపమన్నారు కదా, అందుకే ఈ ఉత్తరం. నేను పీహెచ్‌సీలో హెల్త్ సూపర్‌వైజర్‌ని. మా ఏఎన్ఎంలు, ఆశాలు అడిగినవి, నా సొంత సందేహాలు కలిపి రాస్తున్నాను. బుధ, శనివారాల్లో టీకాల దగ్గర కూర్చుంటే తల్లులు ఎక్కువగా అడిగేది ఒకటే: "మళ్లీ ఎందుకమ్మా?" మేమందరం ఒకటే జవాబు చెబుతాం, "బూస్టర్" అని. మీ ప్రసంగం విన్నాక ఒక్కో టీకాకు ఆ జవాబు వేరేమో అనిపిస్తోంది.

ముందు నాకు అర్థమైనంత రాస్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. టీకా వేశాక దగ్గరలోని లింఫు గ్రంథుల్లో, టి కణాల సాయంతో బి కణాలు పెరుగుతాయి. విభజన జరిగినప్పుడల్లా వాటి యాంటీబాడీ జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు వస్తాయి, టీకాలోని సూక్ష్మజీవి భాగాన్ని, అంటే యాంటిజెన్‌ను గట్టిగా పట్టుకోగలిగినవే మిగులుతాయి. ఈ వడపోత కొన్ని వారాల పాటు సాగుతుంది. చివరికి అందులోంచి రెండు రకాల కణాలు బయటికొస్తాయి. ఒక రకం ఎముక మూలుగలో స్థిరపడి యాంటీబాడీలను వదులుతూనే ఉండే ప్లాస్మా కణాలు. రెండోది మెమరీ బి కణాలు. ఇవి యాంటీబాడీలు వదలవు, మళ్లీ ఆ సూక్ష్మజీవి కనబడే దాకా ఊరికే తిరుగుతుంటాయి. మీరు వీటిని రిజర్వు పోలీసులతో పోల్చారు. నా మొదటి ప్రశ్న అక్కడే పుట్టింది.

రిజర్వు బలగం కబురందాక బయల్దేరి రావాలి కదా. మెమరీ కణాలు మేల్కొని, విభజన చెంది, సరిపడా యాంటీబాడీలు తయారు కావడానికి నాలుగైదు రోజులైనా పడుతుందన్నారు. ఈ లెక్కన హెపటైటిస్ బి విషయం నాకు తేలిగ్గానే అర్థమైంది. ఆ వైరస్ ఒంట్లోకి వచ్చాక జబ్బు బయటపడటానికి నెల నుంచి ఆరు నెలలు పడుతుంది. చిన్నప్పుడు మూడు డోసులూ పడిన వాడి రక్తంలో ఇరవై ఏళ్ల తర్వాత యాంటీబాడీలు కొలతకు అందనంత తగ్గినా, మెమరీ కణాలు మేల్కోవడానికి కావలసినంత సమయం ఉంది. ఆరోగ్యవంతులకు ఆ టీకా బూస్టర్ అక్కర్లేదనడం అందుకేనా? కంఠసర్పి అలా కాదు, రెండు నుంచి ఐదు రోజుల్లోనే పైకి తేలుతుంది. ధనుర్వాతం మూడు రోజుల్లోనూ రావచ్చు, మూడు వారాలకూ రావచ్చు. పైగా ఆ క్రిమి వదిలే, మనిషిని చంపేంత విషం కూడా రోగనిరోధక వ్యవస్థను తట్టి లేపేంత ఉండదు, ఒకసారి ధనుర్వాతం వచ్చి బతికినవాడికి కూడా టీకా వేయాల్సిందే అన్నారు. అంటే ఇక్కడ మెమరీ కణాలు ఉన్నా లాభం లేదు, విషం వచ్చే వేళకే రక్తంలో యాంటీబాడీలు సిద్ధంగా ఉండాలి. బూస్టర్ కావాలా వద్దా అన్నది మెమరీ ఉందా లేదా అన్న దాని మీద కాక, ఆ రోగం ఎంత వేగంగా కమ్ముకొస్తుందన్న దాని మీద ఆధారపడుతుందని మా వాళ్లకు చెప్పవచ్చా?

చెప్పవచ్చంటే దాని వెనకే ఇంకో చిక్కు ఉంది. తట్టు పైకి రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, మెమరీ కణాలకు ఆ సమయం చాలు. కానీ తట్టులో అసలు యాంటీబాడీలే దాదాపు తగ్గవని మీరు చూపించారు. ఫారో దీవుల సంగతి మా వాళ్లందరికీ నచ్చింది: 1781లో తట్టు వచ్చి పోయింది, మళ్లీ 1846 దాకా రాలేదు, వచ్చినప్పుడు మొదటిసారి తట్టు పడ్డ ముసలివాళ్లెవరికీ రెండోసారి రాలేదు. అరవై అయిదేళ్లు! ధనుర్వాతం యాంటీబాడీలు మాత్రం దాదాపు పదకొండేళ్లకు సగమవుతాయని అదే స్లైడులో ఉంది. రెండింటికీ ప్లాస్మా కణాలుండేది ఒకే మూలుగలో కదా? మరి ఒక టీకా పుట్టించినవి దాదాపు జీవితాంతం ఎందుకుంటాయి, ఇంకొకటి పుట్టించినవి ఎందుకు తరిగిపోతాయి? తట్టు టీకాలో ఉన్నది సజీవ వైరస్, కొన్ని రోజుల పాటు ఒంట్లో పెరుగుతుంది. ధనుర్వాతం టీకాలో ఉన్నది విరిచేసిన విషం, పటికలాంటి అల్యూమినియం ఉప్పుతో కలిపినది. తేడా అక్కడేనా? ఈ స్లైడు మీరు చాలా త్వరగా దాటేశారు. నా మటుకు ప్రసంగమంతటిలో గట్టి విషయం అదే.

ధనుర్వాతం దగ్గరే ఇంకొకటి. మా ఊళ్లో కాలికి మేకు గుచ్చుకుంటే నేరుగా టీటీకి వస్తారు. ఆరు నెలల కింద వేయించుకున్నవాళ్లు కూడా "దాని పవర్ అయిపోయింది" అని మళ్లీ వేయమంటారు. వేయకపోతే మా మీద కోపం, వెళ్లి ఆర్ఎంపీ దగ్గర వేయించుకుంటారు. చిన్నప్పటి నుంచి డోసులన్నీ సక్రమంగా పడిన మనిషికి శుభ్రమైన గాయమైతే పదేళ్లు, మట్టి, పేడ అంటిన గాయమైతే అయిదేళ్లు అన్న లెక్క మాకు తెలుసు. మాకు కావలసింది ఆ అపోహకు ఒక్క మాటలో జవాబు. పదే పదే వేయించుకుంటే అదనపు రక్షణేమీ ఉండదు సరే, చెయ్యి వాచడం తప్ప ఇంకేదైనా నష్టం ఉంటుందా? ఉంటే అదే చెబుతాం, వింటారు.

ఇప్పుడు తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఆర్ టీకా. తొమ్మిది నెలలకు ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండోది. తొమ్మిది నెలలకు వేస్తే వందలో ఎనభై అయిదు మందికే పడుతుందన్నారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొందరు పిల్లల్లో ఇంకా మిగిలి ఉండి, టీకా వైరస్‌ను పెరగనివ్వకుండా చేయడం అందుకు ఒక కారణమన్నారు. అంటే రెండో డోసు పాత మెమరీని గట్టిచేయడానికి కాదు, మొదటిసారి పట్టనివాళ్లకు ఇంకో అవకాశం ఇవ్వడానికి. ఈ సంగతి మా ఆశా ఒకామె తండాలో చెబితే, ఒక తల్లి టీకాలు రాసి ఉండే ఎంసీపీ కార్డు చేతిలో పట్టుకుని అడిగింది: "నా బిడ్డకు పట్టిందో లేదో రక్తం చూసి చెప్పండి, పట్టి ఉంటే రెండోసారి ఎందుకు గుచ్చాలి?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. లక్షల మందికి రక్తపరీక్షలు చేసే కన్నా రెండో డోసు వేయడమే తేలికని నేనైతే చెబుతాను. కానీ ఇప్పటికే పట్టిన బిడ్డకు రెండో డోసు వల్ల ఏమీ జరగదా, లేక కాసిన్ని యాంటీబాడీలైనా పెరుగుతాయా?

తల్లి యాంటీబాడీల మాట వచ్చింది కాబట్టి గర్భిణులకు వేసే ధనుర్వాతం, కంఠసర్పి టీకా టీడీ. తల్లికి వేస్తే ఆమెలో తయారైన యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరి, పుట్టగానే ధనుర్వాతం రాకుండా కాపాడతాయి. బిడ్డకు వచ్చేవి యాంటీబాడీలే, మెమరీ కణాలు కావు, అందుకే బిడ్డకు ఆరు వారాల నుంచి, ధనుర్వాతంతో సహా ఐదు రోగాలకు కలిపి వేసే పెంటావాలెంట్ వేరుగా మొదలుపెట్టాలి. ఇంతవరకు సరేనా? మరి తట్టు టీకాకు అడ్డొచ్చే తల్లి యాంటీబాడీలు పెంటావాలెంట్‌కు ఆరు వారాలకే ఎందుకు అడ్డు రావు? లేక కొంత వస్తాయా, అందుకే మూడు డోసులా?

డోసుల మధ్య ఎడం గురించి మా వాళ్లంతా అడిగారు. పెంటావాలెంట్‌కు ఆరు, పది, పద్నాలుగు వారాలు. ఇటుక బట్టీలకు వలస వెళ్లిన కుటుంబం మొదటి డోసు వేయించుకుని వెళ్లి ఆరు నెలలకు తిరిగొస్తే మళ్లీ మొదటి నుంచి వేయం, ఆగిన చోటి నుంచే వేస్తాం. మొదటి డోసు మెమరీ ఎక్కడికీ పోదు కాబట్టే ఇలా అని అనుకుంటున్నాను. ఆలస్యం పర్వాలేదు, తొందర మాత్రం కూడదు, నాలుగు వారాల లోపు వేస్తే లెక్కలోకి రాదు. వడపోత పూర్తికాకముందే వేస్తే ఉన్న యాంటీబాడీలే కొత్త డోసును తుడిచేస్తాయనా? కోవిషీల్డ్‌కు 2021లో ఎడాన్ని 4 నుంచి 6 వారాలన్నది కాస్తా చివరికి 12 నుంచి 16 వారాలు చేశారు. అప్పుడు జనం టీకా చాలక సాగదీస్తున్నారనే అనుకున్నారు, వాళ్లను నమ్మించడానికి మా నోళ్లు నొప్పిపుట్టాయి. ఎడం పెరిగితే మెమరీ మెరుగయ్యే మాట నిజమైతే, పసిపిల్లలకు నాలుగు వారాలే ఎందుకు? కోరింత దగ్గు మొదటి నెలల్లోనే చంపుతుంది కాబట్టి అంతకాలం ఆగలేమని, ఆ కొరతను పదహారు నెలల తర్వాత వేసే డీపీటీ బూస్టర్ తీరుస్తుందని నా ఊహ.

కుక్కకాటు సంగతి. మూడేళ్ల కింద రేబిస్ టీకా కోర్సు పూర్తిచేసుకున్న ఒక రైతును మొన్న మళ్లీ కుక్క కరిచింది. ఈసారి వచ్చిన రోజు ఒకటి, మూడు రోజుల తర్వాత ఒకటి, రెండే డోసులు, గాయం చుట్టూ వేసే తయారు యాంటీబాడీల ఇంజెక్షన్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా లేదు. "స్టాకు లేక తక్కువ వేసి పంపుతున్నారు" అని బయట కూర్చుని గొడవ. మెమరీ కణాలు పనిచేస్తాయనడానికి ఇంతకన్నా కళ్లెదుట కనిపించే ఉదాహరణ నాకు తోచలేదు. అయినా ఒక సందేహం: మెమరీ ఉండి, రేబిస్ వైరస్ నరాల గుండా మెల్లగా వెళ్లేదైతే, ఆ రెండైనా ఎందుకు? వైరస్ నరంలోకి దూరాక రక్తంలోని యాంటీబాడీలకు దొరకదనా?

టైఫాయిడ్ పాత టీకా రెండేళ్ల లోపు పిల్లలకు పనికిరాదని, మూడేళ్లకోసారి వేయాలని, హైదరాబాద్‌లో తయారైన కంజుగేట్ టీకా ఆరు నెలల పిల్లలకు కూడా పనిచేస్తుందని చెప్పారు. తేడా అంతా చక్కెర గొలుసుకు ప్రొటీన్ తగిలించడంలో ఉందన్నారు. ప్రొటీన్ లేకపోతే టి కణాలు పలకవు, టి కణాలు పలకకపోతే మెమరీ సరిగా ఏర్పడదు. ఇది బాగానే అర్థమైంది. పిల్లలకిచ్చే న్యుమోనియా టీకా పీసీవీ కూడా ఇదే కోవలోదా అన్నది మాత్రం మా ఏఎన్ఎం ఒకామె అడగమంది.

చివరిగా రెండు చిన్నవి. టీకా వేశాక జ్వరం రాకపోతే "మందు పట్టలేదు" అంటారు తల్లులు. బీసీజీ వేసిన చోట మచ్చ రాకపోయినా అదే మాట. మచ్చ లేకపోయినా మళ్లీ వేయొద్దన్న ఆదేశం మాకుంది. కానీ జ్వరానికీ మెమరీకీ అసలు సంబంధముందా?

అన్నింటికీ ఒకేసారి రాయడం కుదరకపోతే ధనుర్వాతం, తట్టు తేడాకు ముందు జవాబివ్వండి. వచ్చే బుధవారం ఊళ్లో సెషన్ ఉంది, పోయినసారి ప్రశ్నలడిగిన తల్లులే మళ్లీ వస్తారు.

ఇట్లు,
హెల్త్ సూపర్‌వైజర్, సబ్‌సెంటర్ల ఏఎన్ఎంలు, ఆశాల తరఫున