రవాణాలో దెబ్బతిన్న చెక్క శిల్పాలకు నష్టపరిహారం కోరుతూ క్లెయిమ్

తిరుపతి,
21-11-2025.

మేనేజర్ గారికి,
క్లెయిముల విభాగం, ప్రాంతీయ కార్యాలయం,
విజయవాడ.

విషయం: బుకింగ్ నంబరు 7041628835, తిరుపతి నుంచి విశాఖపట్నం, 3 పెట్టెలు. రెండు పెట్టెల్లో సరకు దెబ్బతిన్నందుకు రూ. 19,477 చెల్లించాలని కోరడం.

అయ్యా,

నవంబరు 3న మీ తిరుపతి కౌంటర్లో మూడు పెట్టెలు బుక్ చేశాం. మొత్తం బరువు 28 కిలోలు. కిలోకు రూ. 60 చొప్పున పన్నుతో కలిపి రూ. 1,680 రవాణా చార్జి కట్టాం. సరకు విలువ రూ. 32,000 అని రసీదులో రాయించి, దానిపై 2 శాతం, అంటే రూ. 640 రిస్క్ చార్జి విడిగా కట్టాం. 8వ తేదీన సరకు విశాఖ చేరింది. మొదటి పెట్టెలో (14.2 కిలోలు) ఉన్న రెండున్నర అడుగుల వేంకటేశ్వర స్వామి విగ్రహం విరిగింది. రెండో పెట్టెలో (8.6 కిలోలు) ఉన్న దశావతారాల పలక చట్రం ఒక మూల చీలింది. మూడో పెట్టె సరకు బాగానే ఉంది, దానికి ఏమీ అడగడం లేదు.

ఫిర్యాదు అదే రోజు సాయంత్రం ఈమెయిల్లో పంపాం. 11న మీ నుంచి వచ్చిన జవాబులో రెండు మాటలున్నాయి: ప్యాకింగ్ సరిగా లేదని, రసీదు వెనక ఉన్న షరతు ప్రకారం రూ. 100 మించి ఇవ్వలేమని. రెండూ నిలబడవు. ఎందుకో ఆధారాలతో చెబుతున్నాం.

ముందు ప్యాకింగ్ సంగతి. విగ్రహానికి మొదట నూలుగుడ్డ చుట్టాం, పాలిష్‌కు బబుల్ షీటు అంటుకోకుండా. దానిపైన మూడు చుట్లు బబుల్ షీటు. నాలుగు వైపులా, పైనా కిందా రెండంగుళాల థర్మాకోల్. చేతుల దగ్గర థర్మాకోల్‌ను ఆ ఆకారంలోనే కోసి, బరువంతా పీఠం మీద, వీపు మీద పడేలా కూర్చాం. బయట అయిదు పొరల అట్టపెట్టె, నాలుగు నిలువు అంచులకూ చెక్క బద్దలు. పైవైపు బాణం గుర్తులు, 'పగిలే వస్తువు' స్టిక్కర్లు రెండు పక్కలా అంటించాం. బుకింగ్ కౌంటర్లో పెట్టెను తూచి తీసుకున్నది మీ సిబ్బందే. ప్యాకింగ్ మీద అభ్యంతరం ఏదీ రసీదులో రాయలేదు. ఆ రోజు ప్యాక్ చేస్తూ తీసిన ఫొటోలు తొమ్మిది జతచేశాం.

ఇక దెబ్బ ఎక్కడ తగిలిందో పెట్టె చూస్తేనే తెలుస్తుంది. మొదటి పెట్టె కింది కుడి మూల దాదాపు నాలుగు సెంటీమీటర్లు లోపలికి నొక్కుకుపోయింది. ఆ మూల చెక్క బద్ద విరిగింది. బాణం గుర్తున్న పై అట్ట మీద నేలకు రాసుకున్న నల్లటి గీతలున్నాయి, అంటే పెట్టె తలకిందులుగా కూడా ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది టేపు. మేము అంటించింది మామూలు గోధుమరంగు టేపు. నలిగిన మూల మీద దానిపైన ఇంకో టేపు ఉంది, మీ కంపెనీ పేరు అచ్చైన టేపు. బుకింగ్ రోజు ఫొటోల్లో అది లేదు. అంటే దారిలో పెట్టె చిరిగితే మీ హబ్‌లో ఎవరో చూశారు, టేపు వేశారు, ముందుకు పంపేశారు. ట్రాకింగ్‌లో మాత్రం దాని గురించి ఒక్క ముక్కా లేదు. ఆ పూటే మాకు ఫోన్ చేసి ఉంటే సరకు అక్కడే ఆపించి చూసుకునేవాళ్లం.

విగ్రహం ముందే పగిలి ఉందేమోనన్న సందేహం మీకు రావచ్చు. విరుపు చూస్తే అది తీరిపోతుంది. ఈ విగ్రహం నిద్రగన్నేరు మొద్దులోంచి ఒకే ముక్కగా ఏర్పేడు మండలం మాధవమాలలో చెక్కించినది. చెక్క పోగు నిలువుగా ఉంటుంది. చక్రం పట్టిన పై కుడి చెయ్యి పక్కకు చాచి ఉండటంతో అక్కడ పోగు అడ్డం పడుతుంది. పెట్టె ఎత్తు నుంచి పడితే ముందు తెగేది అదే చోటు. మణికట్టు దగ్గర చక్రంతో సహా తెగింది. వరద హస్తం వేళ్ల కొసలు రెండు రాలాయి. తెగిన చోట చెక్క తెల్లగా, పోగులు లేచి ఉంది. పాలిష్ సరిగ్గా అంచు దగ్గర ఆగింది. పాత పగులైతే పాలిష్ లోపలికి ఇంకి నల్లబడి ఉండేది. దగ్గరి నుంచి తీసిన ఫొటోలు నాలుగు పెట్టాం. వాటిని నిదానంగా పెద్దవి చేసి చూడండి.

విశాఖలో గ్రహీత డెలివరీ షీటు మీద 'పెట్టె మూల నలిగింది, లోపల శబ్దం వస్తోంది' అని రాసి సంతకం చేశారు. ఆ షీటు ఫొటో ఉంది. పెట్టె విప్పిన వీడియో 6 నిమిషాల 40 సెకన్లు, లేబుల్ మీది నంబరు చూపడంతో మొదలై, విరిగిన చెయ్యి బయటికి వచ్చేదాకా ఎక్కడా ఆపలేదు.

చెయ్యి అతికించి ఇవ్వొచ్చు కదా అంటారేమో. ఇది షోకేసులో పెట్టుకునే బొమ్మ కాదు. పూజామందిరం కోసం కొన్నది. భిన్నమైన విగ్రహాన్ని పూజలో ఉంచరు. అతికినా అంతే. అందుకే గ్రహీత వద్దన్నారు, 12న రూ. 18,500 వారికి వాపసు చేశాం, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాం. అలంకరణ వస్తువుగా అమ్మితే రూ. 3,500 రావచ్చు, ఆ మొత్తం మేమే తగ్గించుకున్నాం. పలకను బాగుచేయవచ్చు: చట్రం మార్చడానికి రూ. 1,600, పాలిష్‌కు రూ. 600 అని శిల్పి రాసిచ్చిన అంచనా ఉంది.

లెక్క ఇది:

విగ్రహం, మిగులు విలువ పోను: రూ. 15,000
పలక మరమ్మతు: రూ. 2,200
విగ్రహం పెట్టెకు కట్టిన రవాణా చార్జి (14.2 కిలోలు × 60): రూ. 852
రెండు పెట్టెలూ తిరుపతికి వెనక్కి తెచ్చిన ఖర్చు, రసీదు ప్రకారం: రూ. 1,425
మొత్తం: రూ. 19,477

విరిగిన విగ్రహాన్ని మీరే తీసుకుంటామంటే మిగులు విలువ తగ్గింపు ఉండదు, అప్పుడు ఇవ్వాల్సింది రూ. 22,977. రిస్క్ చార్జి రూ. 640 తిరిగి అడగడం లేదు. అది కట్టింది ఇలాంటి రోజు కోసమే.

వంద రూపాయల షరతు ఇక్కడ వర్తించదు. రోడ్డు రవాణా చట్టం, 2007లోని 10వ సెక్షన్ ప్రకారం బాధ్యతకు పరిమితి ఉండేది అధిక రిస్క్ చార్జి కట్టని సరకుకే. మేము కట్టాం, మీరు తీసుకున్నారు. కట్టకపోయినా 2011 నిబంధనల్లోని కొలత రవాణా చార్జికి పది రెట్లు, సరకు విలువను మించకుండా. అంటే రూ. 16,800. వంద అన్న అంకె అందులో ఎక్కడా లేదు. అలాగే మీ నిర్లక్ష్యాన్ని మేము రుజువు చేయాల్సిన పని లేదని 12వ సెక్షన్ చెబుతోంది. అయినా టేపు ఆధారం చూపాం.

బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు ఇవ్వాల్సిన 16వ సెక్షన్ నోటీసుగా కూడా ఈ లేఖను పరిగణించండి.

పెట్టెలు, టేపు, విరిగిన ముక్కలు అన్నీ మా దుకాణంలో అలాగే ఉంచాం. మీ సర్వేయర్ డిసెంబరు 1లోపు ఎప్పుడు వచ్చినా ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా చూపిస్తాం. పలక మరమ్మతు ఆ తర్వాతే మొదలుపెడతాం. విజయవాడ హబ్‌లో నవంబరు 5, 6 తేదీల సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకుండా భద్రపరచండి.

డబ్బు డిసెంబరు 8లోపు మా ఖాతాకు జమచేయండి. రద్దు చేసిన చెక్కు జతలో ఉంది. క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ కారణంతోనో, ఏ ఆధారంతోనో రాతపూర్వకంగా తెలపండి. ఆ గడువు దాటితే మాకున్న చట్టపరమైన దారిలో వెళ్తాం.

జతచేసినవి: బుకింగ్ రసీదు, అమ్మకం బిల్లు, ప్యాకింగ్ ఫొటోలు 9, నష్టం ఫొటోలు 4, పెట్టె, టేపు ఫొటోలు 5, డెలివరీ షీటు ఫొటో, పెన్‌డ్రైవ్‌లో వీడియో, మరమ్మతు అంచనా, తిరుగు రవాణా రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, మీ 11వ తేదీ జవాబు నకలు, రద్దు చేసిన చెక్కు.

ఇట్లు,
యజమానులు,
చెక్క శిల్పాల దుకాణం, గాంధీ రోడ్డు, తిరుపతి.

(స్పీడ్ పోస్టు, రసీదుతో. నకలు: తిరుపతి బుకింగ్ కౌంటర్ ఇన్‌చార్జికి, చేతికిచ్చి ముద్ర వేయించుకున్నది.)