మీరు రోజూ అడిగేవి, మేం రోజూ చెప్పేవి: మన మిక్సీ, ఫ్యాన్ రిపేర్ షాపు జవాబులు

గుంటూరు బ్రాడీపేటలో మన షాపుకి వచ్చేవాళ్లు, వాట్సాప్‌లో అడిగేవాళ్లు ఎక్కువగా ఇవే అడుగుతారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ప్రతి జవాబూ ఒకే మాటతో మొదలవుతుంది, మీరు రేటు అడిగినా సరే. పాడైన వస్తువు పక్కన నిలబడి, అది ఇంకా ప్లగ్గులో ఉండగానే చాలామంది నాకు ఫోన్ చేస్తారు, అందుకే ఆ మాట.

మిక్సీ నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయింది. కాలిపోయిందా?

ముందు కరెంటు తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. జార్ తీసి మిక్సీని పక్కకి వంచి అడుగున చూడండి, చాలా మిక్సీలకి అక్కడ చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. మోటారు మీద లోడు ఎక్కువైతే అదే కరెంటు ఆపేసి మోటారుని కాపాడుతుంది. ఓ పావుగంట చల్లారనిచ్చి ఆ బటన్ లోపలికి నొక్కండి, జార్‌లో సరుకు సగం తీసేసి మళ్లీ వేయండి. ఆవకాయ రోజుల్లో రోజుకి నాలుగైదు మిక్సీలు ఇలాగే వస్తాయి, బటన్ నొక్కి ఇచ్చేస్తాను, దానికి డబ్బులు తీసుకోను. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి జార్ నిండా కూరి ఆపకుండా తిప్పకండి, కొంచెం కొంచెంగా వేసి మధ్యలో ఆపుతూ పట్టండి. బటన్ నొక్కగానే మళ్లీ మళ్లీ ఎగిరి బయటికొస్తుంటే మాత్రం బలవంతం చేయకుండా తీసుకురండి.

కాలిన వాసన వస్తోంది, మోటారు పోయినట్టేనా?

ముందు కరెంటు తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. జార్ కింద, మిక్సీ మీద నల్లటి పొడి రాలిందేమో చూడండి. రాలితే అరిగింది జార్‌ని మోటారుతో కలిపే కప్లర్ అయ్యుండొచ్చు, అది 60 నుంచి 120 రూపాయల పని, పది నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత జార్ ఖాళీ చేసి తిరగేసి, అడుగునున్న కప్లర్‌ని వేళ్లతో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. పట్టేసినట్టు ఉంటే జార్ బుష్‌లోకి నీళ్లు, పచ్చడి దిగి ఎండిపోయాయన్నమాట, ఆ జార్‌తో నడిపితే మంచి మోటారు కూడా కాలిపోతుంది, కాబట్టి ఒక్క మిక్సీ మాత్రమే కాకుండా జార్లు కూడా పట్టుకురండి. కప్లర్, జార్ రెండూ బాగుండి పొగ వచ్చిందంటే మోటారు లోపల చుట్టిన తీగ, అంటే వైండింగ్, పోయినట్టే అనుకోవచ్చు.

ఫ్యాన్ స్లోగా తిరుగుతోంది, కర్రతో నెడితే గానీ కదలట్లేదు.

ముందు కరెంటు తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. నెడితే తిరుగుతోందంటే చాలావరకు కండెన్సర్ నీరసించింది. మామూలు సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే వేయాలి, స్పీడు పెరుగుతుందని పెద్దది వేయిస్తే వైండింగ్ వేడెక్కుతుంది. పాత కండెన్సర్ ఫోటో తీసి పంపినా చాలు, అదే తీసి పెడతాను. గరగర శబ్దం వస్తే బేరింగులు. రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే సంగతి వేరు, లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది, దానికి గోడ మీది పాత రెగ్యులేటర్ తగిలించకండి.

గీజర్ నీళ్లు ముట్టుకుంటే జివ్వుమంటోంది, కొంచెమే కదా, వాడుకోవచ్చా?

ముందు కరెంటు తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. వాడకండి. ఒక్క స్నానం కూడా వద్దు, పిల్లల్ని అసలు ఆ బాత్రూంలోకి పంపకండి. స్విచ్ ఆపితే సరిపోదు, మెయిన్‌లో ఆ లైను ఆపేయండి, ఎందుకంటే కొన్ని పాత ఇళ్లలో స్విచ్ ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద పెట్టి ఉంటుంది, అప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉన్నా వస్తువులో కరెంటు ఉంటుంది. ఇది నాకు అనుభవమే, పని నేర్చుకునే రోజుల్లో ఒక పెంకుటింట్లో స్విచ్ ఆపాను కదా అని ఐరన్ బాక్స్ విప్పి టెర్మినల్ ముట్టుకున్నాను, చెయ్యి భుజం దాకా లాగేసింది, ఆ రోజు నుంచే ఈ మొదటి మాట నాకు అలవాటైంది.

గీజర్‌లో అలా రావడానికి ఎక్కువగా కారణం హీటింగ్ ఎలిమెంట్. బోరు నీళ్ల ఉప్పు దాని మీద తెల్లగా పెంకులా పట్టేస్తుంది, వేడి బయటికి పోక పైగొట్టం పగులుతుంది, కరెంటు నీళ్లలోకి దిగుతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది, లేకపోతే మీ ఒంట్లోంచి పోతుంది. అందుకే మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే పని దయచేసి చేయకండి. ఎంసీబీ ఉంది కదా అంటారు, అది షార్టుకి, ఓవర్‌లోడుకి పడుతుంది గానీ మనిషిని చంపగలిగే చిన్న లీకేజీకి పడదు. దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. మీ ఇంట్లో లేకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి, మా షాపులోనే కొనక్కర్లేదు.

రిపేర్ చేయించాలా, కొత్తది కొనుక్కోవాలా?

ముందు కరెంటు తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. కొత్తదాని ధరలో సగం దాటితే రిపేర్ వద్దని నేనే చెప్తాను. మిక్సీ రీవైండింగ్ మా దగ్గర 750 రూపాయలు, రాగి తీగతోనే చుడతాం, చుట్టేటప్పుడు వచ్చి చూసుకోవచ్చు. ఎక్కడ చేయించినా రాగా, అల్యూమినియమా అని అడగండి, వార్నిష్ వేశాక పైపైన చూస్తే తేడా కనిపించదు. రోజంతా తిరిగే పాత ఫ్యాన్ వైండింగ్ కాలితే మాత్రం లెక్క వేసుకోండి, పాతవి 70, 75 వాట్లు తాగుతాయి, బీఎల్‌డీసీవి 30 వాట్ల చుట్టుపక్కల తిరుగుతాయి.

చూసినందుకు ఎంత? ఎప్పుడిస్తారు?

ముందు కరెంటు తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. విప్పి చూసినందుకు 100, రిపేర్ చేయించుకుంటే అది బిల్లులో తగ్గిస్తాం. ఎంతవుతుందో ఫోన్ చేసి చెప్పి, మీరు సరే అన్నాకే పని మొదలుపెడతాం. కండెన్సర్, కప్లర్ లాంటివి అప్పటికప్పుడే, వైండింగ్ రెండు రోజులు, ఏప్రిల్, మే నెలల్లో నాలుగు రోజులు. మార్చిన పాత పార్టు కవర్‌లో వేసి ఇస్తాం, అడగకపోయినా ఇస్తాం.

గ్యారంటీ ఉందా?

ముందు కరెంటు తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. వైండింగ్‌కి మూడు నెలలు, బిల్లు తెస్తే చాలు. కప్లర్‌కి, బుష్‌కి ఉండదు, అవి వాడకాన్ని బట్టి అరుగుతాయి. కంపెనీ వారంటీ ఇంకా ఉన్న వస్తువైతే నా దగ్గరికి తేకండి, నేను స్క్రూ విప్పితే మీ వారంటీ పోవచ్చు, ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.

ఇంటికొచ్చి చేస్తారా?

ముందు కరెంటు తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. గీజర్‌కి, సీలింగ్ ఫ్యాన్‌కి వస్తాం, ఊళ్లో అయితే 150. మిక్సీ, ఐరన్ బాక్స్ షాపుకే తేవాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఫోన్ చేస్తే మా కుర్రాడు సాయంత్రం ఆరు తర్వాత వచ్చి తీసుకెళ్తాడు, తెచ్చి పెట్టి, మీ ముందే నడిపి చూపించి వెళ్తాడు, దానికి విడిగా ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆదివారం సెలవు, కానీ షాక్ కొడుతోందంటే ఆదివారమైనా ఫోన్ చేయండి, ఎత్తుతాను.